తలకు దెబ్బ తగిలిన విద్యార్థి మళ్లీ ఆటకు వస్తున్నప్పుడు తల్లిదండ్రులకు నోట్ ఎలా రాయాలి?

ప్రశ్న: "మాది మధురవాడ వైపు ఒక ప్రైవేట్ స్కూల్. 8వ తరగతి బాబు ఫుట్‌బాల్ ఆడుతూ ఇంకో పిల్లాడి తలకి తల కొట్టుకుని పడిపోయాడు. డాక్టర్ కంకషన్ అన్నారట, స్కాన్ నార్మల్. రెండు వారాలైంది. వాళ్ల నాన్నగారు రేపటి నుంచి ఆడించమంటున్నారు. పేరెంట్స్‌కి నోట్ రాయమని ప్రిన్సిపల్ మేడమ్ నాకు చెప్పారు, కానీ డయాగ్నసిస్ ఏమీ రాయొద్దన్నారు. మరి ఏం రాయాలి సార్?"

నోట్‌లో మూడు విషయాలే ఉండాలి. ఆ రోజు గ్రౌండ్‌లో మీవాళ్లు కళ్లతో చూసింది, డాక్టర్ గారి కాగితంలో ఉన్నది ఉన్నట్టుగా, ఇకముందు గ్రౌండ్‌లో బాబుతో మీరు ఏం చేయిస్తారు, ఏం చేయించరు అన్నది. బాబుకి ఏమైంది, ఎంత తగ్గింది, ఎప్పటికి పూర్తిగా బాగవుతాడు అన్న మాటలు ఒక్కటి కూడా మీ తరఫున రాయకండి. ఇక రేపటి నుంచి ఆడించడం గురించి: నడక, తేలికపాటి జాగింగ్ లాంటివి డాక్టర్ సరేనంటే మొదలుపెట్టొచ్చు. ఒకరినొకరు తగిలే ఆట మాత్రం డాక్టర్ రాతపూర్వకంగా ఒప్పుకునేదాకా వద్దు.

నేను విశాఖలో చాలా ఏళ్లుగా పీఈటీగా పనిచేస్తున్నాను, డాక్టర్‌ని కాదు. ఇలాంటి నోట్లు రాయాల్సి వచ్చిన అనుభవంతో చెబుతున్నాను.

మేడమ్ గారు డయాగ్నసిస్ వద్దన్నారంటే చాలామంది అది కేసుల భయం అనుకుంటారు. అసలు కారణం అది కాదు. స్కూళ్ల నుంచి మామూలుగా వెళ్లే ఈ వాక్యం చూడండి: "మీ అబ్బాయికి మైల్డ్ కంకషన్ అయింది, ఇప్పుడు పూర్తిగా తగ్గింది కాబట్టి ఆటకు అనుమతిస్తున్నాం." కంకషన్ అంటే తల దెబ్బతో మెదడు పనితీరు కొంతకాలం దెబ్బతినడం. మైల్డ్ అన్న మాట చదవగానే తండ్రికి అది మోకాలు గీరుకున్నంత చిన్న విషయంలా అనిపిస్తుంది. పూర్తిగా తగ్గిందన్నది ఎవరు చూసి చెప్పారు? తలనొప్పి, వెలుగు పడకపోవడం, చదివింది బుర్రకెక్కకపోవడం, ఇవేవీ బయటికి కనిపించవు, పిల్లాడు చెబితేనే తెలుస్తాయి. అన్నిటికంటే ప్రమాదం ఆ "కాబట్టి". డాక్టర్ తీసుకోవలసిన నిర్ణయాన్ని స్కూల్ తీసుకున్నట్టు అక్కడ సంతకం పెట్టి మరీ ఒప్పుకున్నాం.

డయాగ్నసిస్ వద్దన్నారు కదా అని కొందరు ఇంకో దారి పడతారు. "స్వల్ప అస్వస్థత కారణంగా మీ అబ్బాయి కొన్నాళ్లు ఆటలకు దూరంగా ఉన్న సంగతి విదితమే" అని రాస్తారు. నా దృష్టిలో ఇది మరీ అన్యాయం. వారం తర్వాత పిల్లాడు వాంతి చేసుకుని, వాళ్లు వేరే డాక్టర్ దగ్గరికి పరుగెత్తితే ఈ కాగితం ఎందుకూ పనికిరాదు. అదే "సాయంత్రం 4:20కి ఇద్దరి తలలు ఢీకొన్నాయి, బాబు కింద పడ్డాడు, లేచాక స్కోరు ఎంతో చెప్పలేకపోయాడు, కళ్లు తిరుగుతున్నాయన్నాడు" అని రాసి ఉంటే ఏ డాక్టర్‌కైనా అది అక్కరకొచ్చే సమాచారం. ఇందులో రోగం పేరు ఎక్కడా లేదు. చూసింది రాయండి, పేరు పెట్టకండి.

కంకషన్ అన్న మాట అసలు వాడకూడదా? డాక్టర్ కాగితంలో ఉంటే వాడొచ్చు, కానీ ఆ మాట ఎవరిదో చెప్పాలి. "మీరు మాకిచ్చిన ఫలానా తేదీ కాగితంలో డాక్టర్ గారు ఇలా రాశారు" అని, కాగితంలోని మాటలే ఎత్తి రాయాలి. మీ ప్రశ్నలో "అన్నారట" అని ఉంది. ఆ "ట" ఉన్నంతకాలం నోట్‌లో ఆ మాట రాకూడదు. ముందు కాగితం అడగండి. ఓపీ చీటీ మీద మందులు మాత్రమే రాసి ఉంటే, ఆటల గురించి ఒక్క ముక్క రాయించుకురమ్మని చెప్పండి.

స్కాన్ నార్మల్ అన్న మాట దగ్గర ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే తండ్రులు పట్టుబట్టేది దాదాపు ఎప్పుడూ దీనిమీదే. తలకు దెబ్బ తగిలిన వెంటనే తీసే సీటీ స్కాన్‌లో ముఖ్యంగా వెతికేది రక్తస్రావం ఉందా, ఎముక విరిగిందా అని. కంకషన్‌లో తేడా వచ్చేది మెదడు పనిచేసే తీరులో. అది మామూలు స్కాన్‌లో బొమ్మగా పడదు. అంటే స్కాన్ నార్మల్ అన్నది మంచి వార్తే, కానీ అది ఆటకు అనుమతి పత్రం కాదు. ఇది మీరు తెలుసుకోవడానికి చెప్పాను. నోట్‌లో "స్కాన్ నార్మల్ వచ్చినా..." అంటూ పాఠం మొదలుపెట్టకండి, రిపోర్టుకు అర్థం చెప్పడం కూడా మన పని కాదు. తండ్రి అడిగితే ఒకటే మాట: "స్కాన్ సంగతి, ఆట సంగతి రెండూ డాక్టర్ గారినే అడగండి, ఆట గురించి ఆయన రాసిస్తే దాని ప్రకారం చేస్తాం."

ఇక గ్రౌండ్‌లో ఏం చేయించాలన్నది. దీనికి ప్రపంచంలో ఎక్కువమంది స్పోర్ట్స్ డాక్టర్లు పాటించే క్రమం ఒకటుంది. క్రీడల్లో కంకషన్ మీద అంతర్జాతీయ నిపుణులు 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమై, దాన్ని 2023లో ప్రచురించారు. అందులో ఆరు దశలు. మొదటిది ఇబ్బంది పెరగనంత మేర రోజువారీ పనులు, నడక. రెండోది తేలికపాటి వ్యాయామం, ఆ తర్వాత మధ్యస్థం. మూడోది తన ఆటకు సంబంధించిన కదలికలు, కానీ ఒంటరిగా, తలకు దెబ్బ తగిలే అవకాశం లేకుండా. నాలుగోది జట్టుతో ప్రాక్టీస్, ఒకరినొకరు తగలకుండా. అయిదోది పూర్తి ప్రాక్టీస్. ఆరోది మ్యాచ్. ఒక్కో దశకు మామూలుగా కనీసం 24 గంటలు. నాలుగో దశకు వెళ్లాలంటే లక్షణాలన్నీ పోయి ఉండాలి, డాక్టర్ అనుమతీ ఉండాలి. పూర్తి స్థాయి ఆటకు వెళ్లేముందు, పిల్లలు తరగతి గదిలో రోజంతా ఇబ్బంది లేకుండా కూర్చోగలగాలి. లెక్కల పీరియడ్‌లో తల పట్టుకునే పిల్లాడిని గేమ్స్ పీరియడ్‌కి పంపడంలో అర్థం లేదు.

రెండు వారాలైందన్నారు కాబట్టి ఇంకో మాట. బ్రిటన్‌లో స్కూలు, క్లబ్ స్థాయి ఆటల కోసం 2023లో ఒక మార్గదర్శకం ఇచ్చారు. దాని ప్రకారం దెబ్బ తగిలాక కనీసం 21 రోజులు గడవనిదే పోటీ మ్యాచ్ లేదు. ఒకరినొకరు తగిలే ప్రాక్టీస్‌కైనా అంతకుముందు 14 రోజులు విశ్రాంతిలో ఏ లక్షణమూ ఉండకూడదు. అది మనకు చట్టం కాదు. కానీ ఆ తండ్రి డాక్టర్ దగ్గరికి వెళ్తున్నప్పుడు "మ్యాచ్‌కి ఎన్ని రోజులు ఆగాలో తేదీ వేసి రాయించండి" అని మీరు అడగడానికి ఇది బలం.

మా దగ్గర జరిగింది చెబుతాను, నోట్ రూపం కూడా అందులోనే ఉంది. 9వ తరగతి అమ్మాయి, కబడ్డీలో మంచి రైడర్. జూలై 3న ప్రాక్టీస్‌లో పట్టు నుంచి తప్పించుకోబోయి పడినప్పుడు, ఇంకో అమ్మాయి మోకాలు చెవి పైభాగాన తగిలింది. స్పృహ తప్పలేదు. లేచి నిలబడింది కానీ తన జట్టు ఏ వైపో తెలియక రెండుసార్లు అటూ ఇటూ చూసింది. అక్కడితో ఆపేసి, వాళ్ల అమ్మగారిని పిలిపించి ఆస్పత్రికి పంపాం. జూలై 15న డాక్టర్ కాగితం తెచ్చారు. 16న మేం ఇచ్చిన నోట్ దాదాపు ఇలా ఉంది:

> గౌరవనీయులైన తల్లిదండ్రులకు,
>
> 9వ తరగతి బి సెక్షన్ చదువుతున్న మీ అమ్మాయి ______ తిరిగి ఆటల్లో పాల్గొనడం గురించి ఈ నోట్.
>
> జూలై 3న సాయంత్రం 4:20 ప్రాంతంలో కబడ్డీ ప్రాక్టీస్‌లో ఇంకో విద్యార్థిని మోకాలు అమ్మాయి తలకు ఎడమవైపు తగిలింది. స్పృహ కోల్పోవడం మేము చూడలేదు. లేచాక తన జట్టు ఏ వైపో కొద్దిసేపు గుర్తించలేకపోయింది, తల బరువుగా ఉందని చెప్పింది. వాంతి కాలేదు. 4:50కి మీకు అప్పగించాం.
>
> మీరు ఇచ్చిన జూలై 15 నాటి కాగితంలో డాక్టర్ గారు "దశలవారీగా వ్యాయామం మొదలుపెట్టవచ్చు, జూలై 28న మళ్లీ చూసేవరకు ఇతరులను తగిలే ఆటలు వద్దు" అని రాశారు. మేము దాని ప్రకారమే నడుచుకుంటాం.
>
> జూలై 17 నుంచి గ్రౌండ్‌లో చేయించేవి: మొదట 15 నిమిషాల నడక. అది ఇబ్బంది లేకుండా జరిగితే, మరుసటి రోజు నుంచి మాట్లాడుతూ చేయగలిగేంత నెమ్మదిగా జాగింగ్. ఆ తర్వాత కొంచెం వేగంగా పరుగు. ఆ తర్వాత ఒంటరిగా కబడ్డీ అడుగులు. ఒక్కోదానికి కనీసం ఒక పూర్తి రోజు ఇస్తాం, అవసరమైతే ఎక్కువ. జట్టుతో ప్రాక్టీస్, పట్లు, మ్యాచ్‌లు డాక్టర్ గారి నుంచి రాతపూర్వక అనుమతి అందాకే.
>
> మధ్యలో ఏ ఇబ్బంది చెప్పినా ఆ రోజుకు ఆపి, అదే రోజు మీకు తెలియజేస్తాం. దానికి కారణం ఏమిటో మేము చెప్పలేము. మీరు డాక్టర్ గారిని అడగాలి.
>
> మీ నుంచి కావలసినవి: స్కూల్ బయట కూడా ఇదే పద్ధతి పాటించండి. తలనొప్పి మాత్ర వేసిన రోజు ఉదయమే మాకు చెప్పండి. నిద్ర, చదువు, చిరాకు విషయంలో మామూలుకంటే తేడా కనిపిస్తే చెప్పండి.
>
> తలనొప్పి పెరుగుతూ పోవడం, పదేపదే వాంతులు, ఫిట్స్, లేపినా సరిగా లేవకపోవడం, తికమకగా మాట్లాడటం, కాళ్లూ చేతుల్లో బలం తగ్గడం లేదా తిమ్మిరి, ఒకటి రెండుగా కనిపించడం, మెడనొప్పి: వీటిలో ఏది కనిపించినా మా కోసం ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి లేదా 108కి ఫోన్ చేయండి.
>
> చదివినట్టు సంతకం చేసి కింది భాగం తిరిగి పంపగలరు.

ఇందులో నేను కావాలని వదిలేసినవి గమనించండి. మ్యాచ్ తేదీ లేదు. అప్పట్లో సెలక్షన్స్ దగ్గరపడుతున్నాయి, ఆ తేదీ నోట్‌లో రాస్తే అందరి కళ్లూ దానిమీదే ఉంటాయి, అమ్మాయివి కూడా. పిల్లలు ఆ తేదీ కోసం తలనొప్పి దాచేస్తారు. అలాగే "కోలుకుంది" అనీ, "ఫిట్‌గా ఉంది" అనీ లేదు. చివర్లో రాసిన ప్రమాద సూచనలు డయాగ్నసిస్ కాదా అని మా దగ్గర ఒక టీచర్ అడిగారు. కాదు. ఇది కనిపిస్తే ఆస్పత్రికి వెళ్లండి అనడం వేరు, ఇది కనిపిస్తే ఫలానా జబ్బు అనడం వేరు.

"మాట్లాడుతూ చేయగలిగేంత" అన్నది ఎందుకంటే, ఆమ్‌స్టర్‌డామ్ పత్రంలో వ్యాయామ తీవ్రతను గుండె వేగంతో చెప్పారు. తేలికపాటి అంటే గరిష్ఠ వేగంలో సుమారు 55 శాతం వరకు, మధ్యస్థం అంటే 70 శాతం వరకు. మన గ్రౌండ్‌లో పిల్లల చేతికి అలాంటి వాచీలు ఎక్కడివి? పక్కన ఇంకో అమ్మాయి నడుస్తూ కబుర్లు చెబుతుంటే ఆయాసం లేకుండా జవాబిస్తోందా లేదా అన్నది ఎవరైనా చూడగలరు.

ఇప్పుడు అసలు పరీక్ష వచ్చిన రోజు. జాగింగ్ మొదలుపెట్టిన రెండో ఉదయం అమ్మాయి తలనొప్పి అంది. జూలైలో మన విశాఖ ఉక్కపోత సంగతి మీకు తెలియనిది కాదు, ఏడింటికే చొక్కా తడిసిపోతుంది. ఒక సీనియర్ సార్ ఇది ఎండకు వచ్చిన నొప్పే అన్నారు. ఇంకొకాయన ఆ రోజు స్లిప్ టెస్ట్ ఉంది కాబట్టి నాటకం అన్నారు. వాళ్ల అమ్మగారు ఫోన్‌లో రాత్రి సరిగా నిద్రపోలేదని చెప్పారు. మూడు కారణాలూ నిజం కావచ్చు. ఒక్కటీ కాకపోవచ్చు కూడా. మేం రాసిచ్చిన చీటీలో ఉన్నది ఇంతే: "ఈ ఉదయం 7:10కి, జాగింగ్ మొదలైన సుమారు 8 నిమిషాలకు తలనొప్పి అని చెప్పింది. పది మార్కుల్లో ఎంత అంటే 4 అంది, మొదలుపెట్టేముందు 0 అంది. ఆపి నీడలో కూర్చోబెట్టి నీళ్లు ఇచ్చాం. 7:50కి 2 అంది, 9 గంటలకు 0 అంది." ఎండ అని గానీ, పాత దెబ్బ అని గానీ ఒక్క మాట లేదు.

ఈ అంకెలకు విలువ ఉంది. వ్యాయామంలో లక్షణం కాస్త పెరగడం అంటే పదికి 2 మార్కులకు మించకుండా, గంటలోపు తగ్గిపోవడం అని ఆమ్‌స్టర్‌డామ్ పత్రంలో చెప్పారు. ఆ మేరకు పెరిగితే ఫర్వాలేదు. అంతకు మించితే ఆ రోజుకు ఆపి మర్నాడు ప్రయత్నించాలి. మా అమ్మాయికి 4 పెరిగింది, గంట దాటింది. అయినా ఆ లెక్క వేసి "దశ దాటలేదు" అని ప్రకటించే పని మేం పెట్టుకోలేదు, ఆపాం, రాశాం, చీటీ డాక్టర్‌కి చూపించమన్నాం. ఆయన మూడు రోజులు నడక మాత్రమే చేయించి, మళ్లీ జాగింగ్ మొదలుపెట్టమన్నారు. రెండోసారి ఏ ఇబ్బందీ రాలేదు. మొదటిసారి ఏం జరిగిందో మాకు ఇప్పటికీ తెలియదు, తెలియాల్సిన అవసరం కూడా రాలేదు.

స్కూల్ బయటి ఆట గురించి రాసిన ఒక్క వాక్యం మీ కేసులో ఇంకా ముఖ్యం. మీ బాబు స్కూల్లో మీ కళ్లముందు చక్కగా నడుస్తాడు, సాయంత్రం కాలనీలో క్రికెట్ ఆడతాడు, ఆదివారం ఆర్కే బీచ్‌లో ఇసుకలో ఫుట్‌బాల్. దానికి తోడు అకాడమీ ఉంటే అక్కడి కోచ్‌కి ఈ దెబ్బ సంగతే తెలియకపోవచ్చు. నోట్ కాపీ ఒకటి అకాడమీకి వాళ్లే ఇచ్చేలా చూడండి. మనం నేరుగా పంపకూడదు, అది వాళ్ల పిల్లాడి ఆరోగ్య విషయం.

అదే కారణంతో ఈ నోట్ క్లాస్ వాట్సాప్ గ్రూపులోకి పోకూడదు. ఎంత పేరు తీసేసినా "8వ తరగతి, మొన్న పడ్డ బాబు" అంటే అందరికీ తెలిసిపోతుంది. తల్లిదండ్రులిద్దరికీ విడిగా, వీలైతే చేతికే ఇవ్వండి. మిగతా టీచర్లకు, బస్ ఆయాకు చెప్పాల్సింది "ఈ బాబు ఫలానా తేదీ వరకు పరుగులాటలు, తోపులాటలు వద్దు, తలనొప్పి అంటే వెంటనే ఆఫీసుకి చెప్పండి" అని మాత్రమే. ఎందుకో చెప్పనక్కర్లేదు.

మాత్ర విషయం కూడా నోట్‌లోంచి తీసేయకండి. పొద్దున్నే పారాసెటమాల్ వేసుకొచ్చిన పిల్లాడు జాగింగ్‌లో హాయిగా ఉన్నాడంటే అది మాత్ర గొప్పతనమో, నిజంగా నొప్పి లేకపోవడమో మనకు తెలియదు. వేయొద్దనీ, వేయమనీ మాత్రం రాయకండి. వేస్తే చెప్పండి అంటే చాలు.

చివరగా, మీకు తప్పకుండా ఎదురయ్యేది. "సరే, మా బాధ్యత మీద ఆడించండి, రాసిస్తాను" అంటారు నాన్నగారు. ఆ కాగితం తీసుకోకండి. ఆయన సంతకం పెట్టినంత మాత్రాన బాబు తల రెండో దెబ్బకు సిద్ధమైపోదు. పైగా డాక్టర్ అనుమతి లేదని తెలిసే ఆడించారన్నదానికి ఆ కాగితమే సాక్ష్యం అవుతుంది. గట్టిగా వాదించకుండా, ప్రిన్సిపల్ మేడమ్ సంతకంతో నోట్ చేతికిచ్చి, "రేపటి నుంచి నడక మొదలుపెట్టవచ్చో లేదో డాక్టర్ గారితో ఒక లైను రాయించండి సార్, ఆయన సరేనంటే రేపు పొద్దున్నే మొదలుపెడదాం" అనండి. ఆడించం అన్న మాటకంటే ఇది ఆయన చెవికెక్కుతుంది. కింద సంతకం చేసి పంపిన భాగాన్ని, రోజూ రాసే చీటీల కాపీలను ఒకే ఫైల్లో పెట్టి, ఆటకు పూర్తిగా అనుమతిస్తూ డాక్టర్ ఇచ్చిన కాగితం వచ్చాక దాన్ని పైన పెట్టండి.